వీడ్కోలు సభలో ఐదు నిమిషాలు: కుర్రవాళ్లకి పింఛను చందాల గురించి ఏం చెప్పాలి?

పాతగుమాస్తా · సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఈ శుక్రవారం నా రిటైర్మెంట్. 36 ఏళ్లు ఒకే సంస్థలో గుమాస్తాగా పనిచేశాను, అందులో చివరి 20 ఏళ్లు జీతాల సెక్షన్‌లోనే. సభలో నాకు ఐదు నిమిషాలు ఇస్తారట. కృతజ్ఞతలకి ఒక నిమిషం చాలు. మిగిలిన నాలుగూ కుర్రవాళ్లకి వాళ్ల కాంట్రిబ్యూషన్ల గురించి చెప్పాలనుకుంటున్నాను.

ఎందుకో చెప్తాను. ఎనిమిది నెలల కిందట పింఛను కాగితాలు పెట్టుకుంటే నా చందాల స్టేట్‌మెంట్ వచ్చింది. నా లెక్క ప్రకారం రిటైరయ్యే రోజుకి 432 నెలలు కావాలి. వాళ్ల లెక్కలో 418 తేలుతున్నాయి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడులో మొదలై 14 నెలలు వరసగా సున్నాలు. ఆ నెలల్లో నా జీతంలోంచి చందా పట్టుకున్నారు, అందులో అనుమానం లేదు. వేలమంది చందాల పట్టీలు నా చేతుల మీదుగా వెళ్లాయి. నా వరస మాత్రం ఒక్కసారి కూడా వేలు పెట్టి చూసుకోలేదు.

ఉపన్యాసం ఇలా రాసుకున్నాను, చదివి తప్పులుంటే చెప్పండి:

"పిల్లలూ, మీ జీతంలో ప్రతి నెలా కొంత కోత పడుతుంది. ఆ అంకె చూసి విసుక్కుని స్లిప్పు మడిచి పెట్టేస్తారు. నేనూ అంతే చేశాను. ఇకమీదట ఏడాదికి ఒకసారి కూర్చుని మీ నెలలు లెక్కపెట్టుకోండి. ఒక్క నెల తగ్గినా ఆ వారంలోనే అడగండి. 33 ఏళ్ల తర్వాత అడిగితే జవాబు చెప్పడానికి మనుషులు ఉండరు."

---

మాటకారి · సోమవారం, రాత్రి 9:52

అభినందనలు సార్! మంచి అంశం తీసుకున్నారు. కాకపోతే కాస్త పొడిగా ఉంది. కాంట్రిబ్యూషన్ గురించి అంటున్నారు కాబట్టి, ఈ 36 ఏళ్లలో మీరు సంస్థకి చేసిన సేవ నుంచి రెండు మూడు సంఘటనలు చెప్పండి. మీరు వచ్చాక ఏం మారింది, ఏ పద్ధతి మీరు ప్రవేశపెట్టారు, అలాగ. యువత తమ వంతు కృషి ఏమిటో తొందరగా గుర్తించాలంటే ముందు మీ కృషి వాళ్లకి తెలియాలి కదా. చివర్లో ఒక పద్యం పడితే హాలు లేచి నిలబడుతుంది.

---

పాతగుమాస్తా · సోమవారం, రాత్రి 10:05

బాబూ, నేను చెప్పేది జీతంలో కోసే చందా గురించి. నా సేవ గురించి చెప్పాలంటే ఐదు నిమిషాలు ఎక్కువే :)

---

మాటకారి · సోమవారం, రాత్రి 10:07

అయ్యో, శీర్షిక సగమే చదివాను. పద్యం మాట మాత్రం వెనక్కి తీసుకోను.

---

సొంతలెక్క · మంగళవారం, ఉదయం 7:31

నా మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. 36 ఏళ్లలో 14 నెలలంటే ఎంత సార్? పైగా అవి మొదట్లోవి, అప్పటి మీ జీతమెంత, అందులో చందా ఎంత? పింఛను కట్టేది చివరి జీతం మీద. మొదటి అయిదారేళ్ల లెక్క ఎలా ఉన్నా పెద్ద తేడా రాదు. కుర్రవాళ్లకి నేనైతే ఇంకోలా చెప్తాను. ఇప్పుడు చేతిలో డబ్బు కావాలి, చందా కనిష్ఠంగా పెట్టుకోండి, జీతం పెరిగాక పెంచుకోండి. నేను అలాగే చేస్తున్నాను.

---

పద్దుపుస్తకం · మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను పింఛను ఖాతాల విభాగంలో చాలా ఏళ్లు చేసి బయటికి వచ్చినదాన్ని. సొంతలెక్క గారి మాటలో సగం నిజం. అందుకే ఆగి రాయాలనిపించింది.

గుమాస్తా గారిది పాత రకం పింఛనులా ఉంది. అందులో మీరు ఎంత వేశారన్నది చూడరు, ఎన్నేళ్లు వేశారన్నదే చూస్తారు. ఏడాదికి చివరి జీతంలో అరవయ్యో వంతు అనేది చాలా చోట్ల వాడే లెక్క. చివరి జీతం 100 అనుకోండి. 36 ఏళ్లకి నెలకి 60 వస్తుంది. ఇప్పుడు ఉన్న 418 నెలలంటే 34 ఏళ్ల 10 నెలలు. మీ నిబంధనల్లో పూర్తయిన ఏళ్లే లెక్కిస్తామని ఉంటే ఆ 10 నెలలు ఎగిరిపోయి 34 ఏళ్లే మిగులుతాయి, పింఛను 56.7 దగ్గర ఆగుతుంది. అంటే నెలకి మూడుకి పైన తక్కువ, అదీ బతికున్నంత కాలం. అప్పటి చందా టీ ఖర్చంత ఉన్నా సరే, ఆ నెల విలువ ఈనాటి జీతంతో కడతారు. చివరి జీతం మీద పింఛను అన్నది నిజమే. కానీ మొదటేడు నెలా, ఆఖరేడు నెలా ఆ లెక్కలో సమానమే. సొంతలెక్క గారు తప్పింది ఇక్కడ.

గుమాస్తా గారూ, రెండు ప్రశ్నలు. మీ నిబంధనల్లో ఏడాదిలో మిగిలిన నెలల్ని ఏం చేస్తారు? ఆ 14 నెలల ముందు మీకు బదిలీ గానీ, ఖాతా నంబరు మారడం గానీ జరిగిందా?

---

పాతగుమాస్తా · మంగళవారం, రాత్రి 8:40

అమ్మా, మీరు నాడి పట్టుకున్నారు. సరిగ్గా ఆ నెలలోనే ఇంకో శాఖకి బదిలీ అయ్యాను. ఎనిమిది నెలలు తిరిగి ఎంత తవ్వానో చెప్తాను.

నా ఖాతా నంబరు చివర 47. కొత్త శాఖలో పట్టీ రాసినాయన 74 అని ఎక్కించాడు. మొదటి 9 నెలలు పట్టీలో నంబరు పక్కన పేరు కూడా ఉండేది. పింఛను విభాగంలో పేరూ నంబరూ కలవక ఆ డబ్బుని సస్పెన్స్ ఖాతాలో పడేశారు. ఆ తర్వాత పట్టీ నమూనా మారింది, పేరు తీసేసి నంబరు మాత్రమే పంపమన్నారు. దాంతో మిగిలిన 5 నెలల చందా 74 నంబరు ఎవరిదైతే వాళ్ల ఖాతాలో నిక్షేపంగా జమైంది. పదిహేనో నెలలో ఎవరో చూసి 47గా దిద్దారు. అప్పటినుంచి ముందుకే దిద్దారు. వెనక్కి వెళ్లి పాత నెలలు సరిచేయాలని ఎవరికీ తట్టలేదు, నాకెవరూ చెప్పలేదు.

సస్పెన్స్‌లోని 9 నెలలు దొరికాయి, నా పేరు మీదకి మార్చారు. 5 నెలల సంగతి ఇంకా తేలలేదు. ఆ 74 నంబరాయన ఎప్పుడో రిటైరై మొత్తం తీసుకుని వెళ్లిపోయారట. నిబంధన సంగతి రేపు కనుక్కుంటాను.

---

తిరుగుబండి · మంగళవారం, రాత్రి 11:18

మీ కథ వింటుంటే నా కథ చెప్పాలనిపిస్తోంది. 12 ఏళ్లలో నాలుగు ఉద్యోగాలు మారాను. రెండో చోట సంస్థ వేసే వాటా మనది కావాలంటే అయిదేళ్లు నిండాలి. ఆ సంగతి నాకు రాజీనామా ఇచ్చాక తెలిసింది. నాలుగేళ్ల ఎనిమిది నెలలు చేశాను. నా వాటా నాకిచ్చి వాళ్ల వాటా వెనక్కి తీసేసుకున్నారు. ఇంకో నాలుగు నెలలు ఆగి ఉంటే దాదాపు రెట్టింపు వచ్చేది. కొత్త కంపెనీ వాళ్లు చేరే తేదీ ఆ నాలుగు నెలలు జరపమంటే జరిపేవాళ్లేమో. నేను అడిగితేగా! ఆ వచ్చిన డబ్బు కూడా కొత్త ఖాతాకి మార్చకుండా బండి కొన్నాను. బండి ఇప్పుడు లేదు.

---

కొత్తకుర్చీ · బుధవారం, ఉదయం 8:03

నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్లు. గుమాస్తా అంకుల్ ఉపన్యాసం మా ఆఫీసులో ఇస్తే నాకు పనికొస్తుందా అని చూశాను. నిజం చెప్పాలంటే అర్థం కాలేదు. నా స్టేట్‌మెంట్‌లో నెలల లెక్కే లేదు. యూనిట్లు, వాటి విలువ, మొత్తం, అంతే. ఏం లెక్కపెట్టాలి నేను?

---

పద్దుపుస్తకం · బుధవారం, మధ్యాహ్నం 12:45

కొత్తకుర్చీ, ఈ ఉపన్యాసంలో అసలు చిక్కు ఇదేనమ్మా. గుమాస్తా గారూ, మీరు చెప్పేది మీ రకం పింఛనుకి నూటికి నూరుపాళ్లు సరైనది. మీ ఎదురుగా కూర్చునే పాతికేళ్ల పిల్లలది కూడా అదే రకమేనా? చాలా చోట్ల కొత్తగా చేరినవాళ్లని రెండో రకంలోకి మార్చేశారు. అందులో ఏళ్లు, చివరి జీతం అనే మాటే ఉండదు. ఎంత పడింది, ఎప్పుడు పడింది, ఎంత పెరిగింది, అంతే. చివర్లో ఆ మొత్తం ఎంతైతే అంత.

ఈ రకంలో మొదటి ఏళ్ల బరువు వేరు. ఒక లెక్క వేసి చూపిస్తాను. 24 ఏళ్లకి చేరి 60కి రిటైరయ్యే మనిషి. తన వాటా, సంస్థ వాటా కలిపి మొదటి ఏడాది 2,400 పడిందనుకుందాం. జీతంతో పాటు ఇది ఏటా 5 శాతం పెరుగుతుంది. ఖాతా మీద ఏటా 8 శాతం వస్తుంది. చివరికి చేతికొచ్చే మొత్తం దాదాపు 8 లక్షల 14 వేలు. అందులో మొదటి ఏడేళ్లలో వేసిన డబ్బు నుంచి వచ్చిందే 2 లక్షల 28 వేలు పైన, అంటే 28 శాతం. మరి ఆ ఏడేళ్లలో వేసింది? మొత్తం వేసినదాంట్లో ఎనిమిదిన్నర శాతమే. సొంతలెక్క గారు తర్వాత పెంచుకుందాం అంటున్నది ఈ భాగాన్నే. సంస్థ తన వాటాని మన వాటాకి సమానంగా వేసే పద్ధతైతే, మనం తగ్గించుకున్నంతా అవతల కూడా తగ్గుతుంది. ఈ లెక్కలో అది ఇంకా కలపలేదు.

తిరుగుబండి గారిలాగా మధ్యలో తీసేసుకున్నా పోయేది ఆ భాగమే. ఏడో ఏట ఖాతాలో కనిపించేది 24,500. ఆ అంకె చూస్తే తీసేయడానికి చెయ్యి ఆడుతుంది.

---

సొంతలెక్క · బుధవారం, మధ్యాహ్నం 3:10

పింఛను నెలల విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ మేడమ్, మీ లెక్కంతా 8, 5 అనే రెండు అంకెల మీద నిలబడింది. 8 రాకపోతే?

---

పద్దుపుస్తకం · బుధవారం, మధ్యాహ్నం 3:48

మంచి ప్రశ్న. ఖాతా పెరిగే శాతం, జీతం పెరిగే శాతం రెండూ సమానమైతే ముందు వేసినా వెనక వేసినా ఒకటే. మొదటి ఏడేళ్లు 36లో ఏడు భాగాలే అవుతాయి, అంటే 19 శాతం. ఖాతా కంటే జీతమే వేగంగా పెరిగితే మీ మాటే గెలుస్తుంది, తర్వాత వేసిందే ఎక్కువ తూగుతుంది. కాబట్టి మొదట వేసిందే బంగారం అని నేను ఎక్కడా అనను. ఆ రెండు శాతాల మధ్య తేడాని బట్టి ఉంటుంది. మన చేతిలో ఉండేది వేసింది సరైన చోట పడిందా లేదా అని చూసుకోవడం ఒక్కటే.

కొత్తకుర్చీ, నువ్వు చూడాల్సింది తేదీలు. జీతంలో కోసిన తేదీ స్లిప్పులో ఉంటుంది. యూనిట్లు కొన్న తేదీ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. పన్నెండు స్లిప్పులు పక్కన పెట్టుకుని ఒక్కో నెలా కలుపుకుంటూ వెళ్లు. ఒకటి గుర్తుంచుకో, ఆఖరి నెల కోత చాలాసార్లు తర్వాతి ఏడాది స్టేట్‌మెంట్‌లో పడుతుంది. ఆ ఒక్కటి చూసి కంగారు పడకు. మధ్యలో ఖాళీ ఉంటే మాత్రం కంగారు పడాల్సిందే. మా విభాగానికి వచ్చే ఫిర్యాదుల్లో చాలా వరకు ఆఖరి నెల గురించే ఉండేవి. నిజంగా మధ్యలో పోయినవాళ్లు గుమాస్తా గారిలా రిటైరయ్యేటప్పుడే వచ్చేవాళ్లు.

---

కొత్తకుర్చీ · బుధవారం, రాత్రి 10:26

భోజనం అయ్యాక కూర్చున్నాను. అన్ని నెలలూ ఉన్నాయి. ఆఖరిది లేదు, మీరు చెప్పారు కాబట్టి సరే. కానీ రెండు నెలలు మాత్రం కోసిన ఏడు వారాలకి యూనిట్లు కొన్నారు. మిగతావన్నీ వారం లోపే. ఇది తప్పా?

---

పద్దుపుస్తకం · బుధవారం, రాత్రి 10:51

నీ తప్పు కాదు. డబ్బు ఆ ఏడు వారాలు ఎక్కడో ఆగింది. ఆ మధ్యలో యూనిట్ ధర పెరిగి ఉంటే నీకు తక్కువ యూనిట్లు వచ్చాయి, తగ్గి ఉంటే నీకే లాభం. చాలా చోట్ల ఆలస్యానికి సంస్థే నష్టం భరించాలని నిబంధన ఉంటుంది. మీ జీతాల సెక్షన్‌కి ఆ నాలుగు తేదీలు రాసి ఒక మెయిల్ పెట్టు. నోటితో అడగకు. రాసిందే మిగులుతుంది.

---

పాతగుమాస్తా · గురువారం, రాత్రి 9:30

పద్దుపుస్తకం గారికి దణ్ణం. నిబంధన దొరికింది. మా దగ్గర ఆరు నెలలు, అంతకు పైన ఉంటే పూర్తి ఏడాదిగా కలుపుతారట. అంటే 418 నెలలు ఉన్నప్పుడే 35 ఏళ్లు. ఆ 9 నెలలు కలిశాక 427, అంటే 35 ఏళ్ల 7 నెలలు, కాబట్టి 36. పింఛను వరకు నాకు రావాల్సినంతా వస్తుందన్నమాట. సెక్షన్‌లో నోటిమాటగా చెప్పారు, ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. ఆ 5 నెలల కోసం ఇక తిరగాలో వద్దో అర్థం కావట్లేదు.

ఉపన్యాసం మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. రెండు రకాల వాళ్లూ ఉంటారు కాబట్టి ఇలా:

"పిల్లలూ, నాతో పాటు చేరినవాళ్లకి నెలలు ముఖ్యం. మీకు తేదీలు ముఖ్యం. మీరు ఏ రకమో మీ నియామక పత్రంలో ఉంటుంది, ఇంటికెళ్లి చూడండి. నా ఖాతా నంబరులో రెండు అంకెలు తారుమారైతే 14 నెలలు కనబడకుండా పోయాయి. 9 దొరికాయి. పట్టీలో పేరు ఉన్నంతకాలం నా డబ్బు ఎక్కడ పడిందో ఎవరైనా చెప్పగలిగారు. పేరు తీసేసిన రోజు నుంచి ఎవరూ చెప్పలేకపోయారు. మన సెక్షన్ ఇప్పటికీ నంబర్లే పంపుతోంది. పట్టీ తయారు చేసేది నేనే కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి."

చివరి రెండు వాక్యాలు ఉంచనా, తీసేయనా? పై ఆఫీసర్ ముందు వరసలో ఉంటారు.

---

మాటకారి · గురువారం, రాత్రి 9:44

ఉంచండి సార్! మొత్తంలో అదే ప్రాణం. వెళ్లిపోయే మనిషిని ఏం చేస్తారు?

---

తిరుగుబండి · గురువారం, రాత్రి 9:58

ఆర్డరు ఇంకా చేతికి రాలేదన్నారుగా. అది వచ్చేదాకా ఆగితే మేలేమో అన్నా.

---

పద్దుపుస్తకం · గురువారం, రాత్రి 10:15

ఆర్డరు వచ్చేలోపు సభ అయిపోతుంది కదా. నేనైతే ఆ మాట మైకులో అనను. పట్టీలో పేరు వరస తిరిగి పెట్టమని ఒక నోటు రాసి, రేపు పొద్దున్నే ఆఫీసర్ చేతికి ఇస్తాను, సభకి ముందే. నోటు ఫైల్లో ఉంటుంది. ఉపన్యాసం గాల్లో పోతుంది.

---

పాతగుమాస్తా · శనివారం, ఉదయం 11:02

అయిపోయింది. పొద్దున నోటు ఇచ్చాను. ఆఫీసర్ చదివి, "ఇన్నేళ్లూ మీరే కదా పంపింది" అన్నారు. "అవును సార్, నేనే" అన్నాను. ఇనీషియల్ వేసి ట్రేలో పెట్టారు. సభలో ఆ రెండు వాక్యాలూ చదివాను, వదలబుద్ధి కాలేదు. ముందు వరసలో ఎవరూ నవ్వలేదు, వెనక వరసలో చప్పట్లు కొట్టారు. పద్యం పాడలేదు.

తర్వాత నలుగురు పిల్లలు వచ్చారు. ముగ్గురికి తాము ఏ రకమో తెలియదు. నాలుగో అబ్బాయి ఫోన్‌లో తన ఖాతా తెరిచి చూపించాడు. అన్ని నెలలూ ఉన్నాయి, తేదీలూ బాగానే ఉన్నాయి. పుట్టిన సంవత్సరం మాత్రం పదేళ్లు వెనక్కి ఉంది. ఆ లెక్కన వాడు నా తర్వాత పదమూడేళ్లకే రిటైరవుతాడు. చేరినప్పుడు ఆ ఫారం నింపింది ఎవరా అని పాత ఫైలు తీయించాను. చేతిరాత నాది కాదు, అదొక్కటే ఊరట.

---

సొంతలెక్క · శనివారం, మధ్యాహ్నం 12:37

ఆ 5 నెలల సంగతి ఏం చేస్తున్నారు సార్?

---

పాతగుమాస్తా · శనివారం, మధ్యాహ్నం 1:15

సోమవారం వెళ్తాను. ఇక ఎలాగూ సెలవు పెట్టక్కర్లేదు.